పడుకునే ముందు వినే ఆరు నిమిషాల గుసగుస వీడియో: ప్రాజెక్టు డైరీ

శనివారం, ముందు నిడివి తేల్చుకోవాలి

పడుకున్నాక పక్కన ఫోన్‌లో పెట్టుకుని వింటూ నిద్రలోకి జారుకునే చిన్న వీడియో ఒకటి చెయ్యాలి, మొత్తం గుసగుసగానే, మధ్యలో బ్రష్ లాంటి మెత్తటి చప్పుళ్ళు రెండు మూడు ఉంటాయి, అంతే. కథ లేదు, మ్యూజిక్ లేదు. తెలుగులో ఇలాంటివి వినడానికి కూర్చుంటే చాలావాటిలో మామూలు మెడిటేషన్ స్క్రిప్ట్‌నే తీసుకొచ్చి గొంతు తగ్గించి చదివినట్టు అనిపిస్తోంది, గుసగుస కోసమే రాసిన స్క్రిప్ట్ ఎలా ఉంటుందో చూడాలని ఈ పని మొదలెట్టా.

నిడివి ఆరు నిమిషాలు. దీనికి కారణం చాలా ప్రాక్టికల్. యూట్యూబ్‌లో ఎనిమిది నిమిషాలు దాటిన వీడియోకే మధ్యలో యాడ్ పెట్టే వీలుంటుంది, అంతకంటే చిన్నదైతే మధ్యలో యాడ్ అన్న మాటే రాదు. కళ్ళు మూతపడుతున్న మనిషి చెవిలో సడెన్‌గా యాడ్ పేలితే మనం చేసిందంతా వృథా. అలాగని మూడు నిమిషాలకి కుదిస్తే ఊపిరి నెమ్మదించే లోపే అయిపోతుంది. అందుకని ఆరు.

గుసగుసలు, మెత్తటి చప్పుళ్ళు వింటే కొందరికి తల వెనక నుంచి హాయిగా ఒక జలదరింపు పాకుతుంది, దానికి ఏఎస్ఎంఆర్ అనే పేరు 2010లో జెన్నిఫర్ అలెన్ పెట్టింది. 2015లో స్వాన్సీ యూనివర్సిటీ వాళ్ళు ఆ ఫీలింగ్ వచ్చే 475 మందిని అడిగితే 75 శాతం మందికి గుసగుస మాటలకి ఆ జలదరింపు వస్తోందని, 69 శాతం మందికి ఎవరో తమనే పట్టించుకుంటున్నట్టు అనిపిస్తే వస్తోందని, 64 శాతం మందికి స్ఫుటమైన చిన్న చప్పుళ్ళకి వస్తోందని తేలింది. నిద్ర కోసం వాడుకుంటున్నామని 82 శాతం మంది చెప్పారు. ఇది ఆ ఫీలింగ్ ఉన్నవాళ్ళ లెక్క మాత్రమే, అది అసలు రానివాళ్ళు కూడా చాలామందే ఉంటారు. అందుకే జలదరింపు మీద ఆశ పెట్టుకోకుండా, అది రాకపోయినా ఊపిరి నెమ్మదించి ఒళ్ళు వదులయ్యేలా రాయాలని డిసైడయ్యా, జలదరింపు వస్తే మంచిదే.

ఆదివారం, మొదటి డ్రాఫ్ట్ అక్కకి వినిపించా

రాసిన డ్రాఫ్ట్‌ని ఫోన్‌లోనే గుసగుసగా చదివి రికార్డ్ చేసి అక్కకి పంపా. రాత్రి పడుకునే ముందు విని ఫోన్ చేసింది.

"బానే ఉంది గానీ, కాలి నెమ్మదిగా వదలండి అంటావేంట్రా? కాలిని ఎలా వదులుతారు?"

"కాలి కాదక్కా, గాలి."

"నాకైతే కాలి అనే వినపడింది. తర్వాత కాలి వేళ్ళు అన్నావు చూడు, అది కూడా గాలి వేళ్ళేమో అనుకున్నా."

ఇక్కడే అసలు విషయం ఉంది. మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతులో స్వరతంత్రులు కంపిస్తాయి, ఆ కంపనం వల్లే క కి గ కి తేడా తెలుస్తుంది. నోట్లో నాలుక రెండిటికీ ఒకే చోట తగులుతుంది, గ కి గొంతు మోగుతుంది, క కి మోగదు, అంతే తేడా. గుసగుసలో స్వరతంత్రులు కంపించవు, సన్నటి సందులోంచి గాలి రాపిడి మాత్రమే వస్తుంది. మోగే గొంతే లేనప్పుడు గ పోయి దాదాపు క అయిపోతుంది. ఇలాగే జ కి చ, డ కి ట, ద కి త, బ కి ప. చెవి పూర్తిగా మోసపోదు, అక్షరం ఎంతసేపు పలికామన్న దాన్ని బట్టి, ముందూ వెనకా ఉన్న మాటల్ని బట్టి చాలాసార్లు పట్టేసుకుంటుంది. కానీ నిద్రమత్తులో ఉన్న మనిషి చేత ఆ పని చేయించకూడదు. ఏమన్నాడు అని ఒక్కసారి ఆలోచించినా మెలకువ వచ్చేస్తుంది.

నా స్క్రిప్ట్‌లో ఊపిరి భాగంలో గాలి ఉంది, ఒళ్ళు వదులు చేసే భాగంలో కాలి వేళ్ళు ఉన్నాయి. రెండూ ఒకే స్క్రిప్ట్‌లో ఉండకూడదు. గాలి అన్నచోటల్లా ఊపిరి అని మార్చా. కాలి వేళ్ళు తీసేసి పాదాలు అని పెట్టా. ఊపిరి, పాదాలు రెండిటికీ పొరపడే జంట మాట ఆ స్క్రిప్ట్‌లో ఇంకెక్కడా లేదు. ఇలాంటి జంటల కోసం మొత్తం డ్రాఫ్ట్ ఇంకోసారి వెతికా, ఎర్ర పెన్నుతో గ, జ, డ, ద, బ ఉన్న మాటల కింద గీతలు గీసుకుని ఒక్కో మాటనీ క, చ, ట, త, ప పెట్టి చదువుకున్నా. అర్థం మారిపోయి ఇంకో మాటలా వినపడితే మార్చెయ్యడమే, అర్థంలేని శబ్దంలా ఉంటే ఉంచెయ్యొచ్చు, ఎందుకంటే అప్పుడు చెవి సరైన మాటకే వెళ్తుంది.

సోమవారం, అక్షరాల పని

ఇవాళంతా ఒక్కో వాక్యం పట్టుకుని కూర్చున్నా. హెడ్‌ఫోన్ పెట్టుకుని, మైక్ ఆన్ చేసి, గుసగుసగా చదువుతూ వేవ్‌ఫామ్ చూస్తుంటే ఏ అక్షరం ఎలా ప్రవర్తిస్తోందో కళ్ళకి కనపడుతోంది.

స, శ, ష దగ్గర స్పైక్ లేస్తుంది. గుసగుసలో మిగతా అక్షరాలన్నీ తగ్గిపోతాయి గానీ వీటికి గొంతుతో పనే లేదు కాబట్టి ఇవి తగ్గవు, మామూలు మాటలో ఎంత ఉంటాయో దాదాపు అంతే ఉంటాయి, పక్కనున్న అక్షరాలు పడిపోవడంతో ఇవి ఇంకా ఎత్తుగా వినపడతాయి. మ, న, వ లు దీనికి పూర్తిగా ఉల్టా. వీటి బలమంతా గొంతులోనే ఉంటుంది, గొంతు తీసేస్తే గాల్లో కలిసిపోతాయి. నేను మెత్తగా ఉంటాయి కదా అని మ, న ఉన్న మాటలు ఏరి పెట్టుకున్నా, కానీ మనసు అన్న మాట గుసగుసలో అంటే మన మాయమైపోయి సు ఒక్కటే చెవిలో గుచ్చుకుంటోంది. రాగయుక్తంగా పాడేదానికి పనికొచ్చే మెత్తదనం వేరు, గుసగుసకి పనికొచ్చే మెత్తదనం వేరు.

మరి ఏవి బాగున్నాయంటే, అచ్చులు ఎక్కువసేపు సాగే మాటలు, మధ్యలో ళ్ళ, ల్ల, ర ఉన్నవి. ఒళ్ళు, మెల్లగా, ఊపిరి, హాయిగా, ఒరిగిపోండి, తేలిగ్గా. వీటిలో నోరు తెరుచుకుని ఉంటుంది కాబట్టి గుసగుస గాలి బాగా బయటికి వస్తుంది, మాట స్పష్టంగా ఉంటుంది, ఎక్కడా కొరడా దెబ్బలు లేవు. తెలుగు మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతోనే ముగుస్తుంది, అది ఈ పనికి పెద్ద ప్లస్, వాక్యం చివర గాలి నెమ్మదిగా ఆరిపోనివ్వొచ్చు, టక్కున తెగదు.

వత్తులు ఇంకో సమస్య. భ, ఫ, ఘ, ధ పలికినప్పుడు నోట్లోంచి గాలి ఒక్కసారిగా తోసుకొస్తుంది, అది మైక్‌కి తగిలి బుఫ్ అని మోత. మామూలు ప అంత ఇబ్బంది పెట్టదు, మన ప లో గాలి తక్కువే. ప్ర, భ కలిసొస్తే మాత్రం కష్టం. నా మొదటి డ్రాఫ్ట్‌లో ఈ వాక్యం ఉంది:

"ప్రశాంతంగా, నిశ్శబ్దంగా, మీ శరీరానికి పూర్తి విశ్రాంతి ఇవ్వండి."

అర్థం చూస్తే ఇంతకంటే పనికొచ్చే వాక్యం ఉండదు, చెవికి చూస్తే మొత్తం స్క్రిప్ట్‌లో ఇదే అన్నిటికన్నా గట్టి వాక్యం. ప్ర, శాం, శ్శ, బ్ద, శ, శ్రాం, వరసగా స్పైకులు. మీటర్‌లో ఈ ఒక్క వాక్యం చుట్టుపక్కల వాటికంటే 9 డెసిబెల్స్ పైన ఉంది, అదీ నేను అదే గుసగుసతో చదివినప్పుడు. దాన్ని ఇలా మార్చా:

"హాయిగా ఒరిగిపోండి... ఒళ్ళంతా వదిలెయ్యండి... అలికిడి లేకుండా."

ఇందులో శ ఒక్కటి కూడా లేదు. భుజాలు అన్న మాట మాత్రం తీసెయ్యలేకపోయా, దానికి అంత బాగా అతికే ఇంకో మాట దొరకలేదు, ఒళ్ళు వదులు చేసేటప్పుడు భుజాలు ముఖ్యం. అందుకని స్క్రిప్ట్‌లో ఆ మాట పక్కన బాణం గుర్తు పెట్టుకున్నా, అక్కడికి రాగానే తల కాస్త పక్కకి తిప్పి చదవాలి, గాలి మైక్ పక్కనించి పోతుంది.

మంగళవారం, ఎంత రాయాలి

ఇంగ్లిష్ వాళ్ళు నిమిషానికి ఇన్ని మాటలు అని లెక్కపెట్టుకుంటారు, ఆ లెక్క మనకి కుదరదు. తీసుకోవాలనిపిస్తే అన్నది ఒక్క మాటే, కానీ ఎనిమిది అక్షరాలు. అందుకని మాటలు వదిలేసి అక్షరాలు లెక్కపెట్టా. స్టాప్‌వాచ్ పెట్టుకుని నా గుసగుస సౌకర్యంగా ఉన్న స్పీడ్‌లో చదివితే సెకనుకి మూడు అక్షరాలు వస్తున్నాయి. "మెల్లగా ఊపిరి లోపలికి తీసుకోండి" అన్నది 14 అక్షరాలు, దాదాపు అయిదు సెకన్లు పట్టింది, సరిపోయింది.

ఆరు నిమిషాలంటే 360 సెకన్లు. ఇందులో మాట సగం కంటే తక్కువే ఉండాలి, మిగతాది చప్పుళ్ళకి, ఖాళీకి. మాటకి 160 సెకన్లు ఇచ్చా, అంటే 480 అక్షరాలు. ఇదొక చిన్న పేరాగ్రాఫ్ అంతే. మొదటి డ్రాఫ్ట్ దీనికి దాదాపు రెండింతలు ఉంది, కోసెయ్యడానికి ఇవాళ రాత్రంతా పట్టింది.

కోసేటప్పుడు ఒక రూల్ పెట్టుకున్నా. మొదటి నిమిషంలో చెయ్యండి, వదలండి, మూసుకోండి అని చెప్పొచ్చు, వినేవాళ్ళు అప్పటికింకా మెలకువగానే ఉంటారు. మూడో నిమిషం దాటాక ండి అని ముగిసే మాట ఉండకూడదు. చెప్పిన పని చెయ్యాలంటే మనసు మేలుకుని వినాలి, తర్వాత ఏం చెప్తారో అని ఎదురుచూడాలి. అందుకని అక్కణ్ణించి జరుగుతున్నదాన్ని చెప్తున్నట్టు రాయాలి, "భుజాలు దిగుతున్నాయి" "చేతులు బరువుగా ఉన్నాయి" ఇలా. వినేవాళ్ళు వింటే ఒళ్ళు దానంతటదే ఆ వైపు పోతుంది, వినకపోతే మిస్సయ్యేది ఏమీ లేదు. వద్దు, కాదు, ఆలోచించకండి లాంటివి మొత్తం తీసేశా, ఆలోచించకండి అనగానే అప్పటిదాకా లేని ఆలోచన కూడా వస్తుంది.

మీరు అనాలా నువ్వు అనాలా అన్నది కూడా ఇక్కడే తేలిపోయింది. నువ్వు అంటే దగ్గరితనం ఉంటుంది గానీ వదిలెయ్, మూసుకో అన్నప్పుడు మాట టక్కున ఆగుతుంది, పైగా తెలియని మనిషి చెవిలో నువ్వు అంటుంటే కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. మీరు అనే ఉంచా, కానీ మీరు అన్న మాటని ఎక్కడా వాడలేదు, క్రియతోనే తెలిసిపోతుంది కదా.

బుధవారం, ఊపిరి లెక్కా బ్రష్ చప్పుడూ

ఊపిరి భాగానికి 80 సెకన్లు ఇచ్చా. చివరికి చేరాల్సింది లోపలికి 4 సెకన్లు, బయటికి 6 సెకన్లు, అంటే నిమిషానికి ఆరు ఊపిరులు. మొదటి ఊపిరి నుంచే ఇలా అడిగితే చాలామందికి ఆయాసంగా ఉంటుంది, మామూలుగా మనం దీనికి రెట్టింపు స్పీడ్‌లో పీలుస్తుంటాం. అందుకని మొదటి రెండు ఊపిరులు 3 కి 4, తర్వాత రెండు 4 కి 5, ఆ పైన అయిదు ఊపిరులు 4 కి 6. లెక్క వేస్తే 82 సెకన్లు వచ్చింది, అది పర్లేదు. ఊపిరి బిగపట్టమని ఎక్కడా లేదు, కావాలనే పెట్టలేదు, బిగపట్టడం కొందరికి కంగారు తెస్తుంది. కుదరనివాళ్ళ కోసం మొదట్లోనే "వీలైనంతే" అని ఒక ముక్క పెట్టా.

ఒకటి, రెండు, మూడు అని అంకెలు గుసగుసగా లెక్కపెట్టడం మొదటి రెండు ఊపిరులకే. ఆ తర్వాత లెక్కని బ్రష్ చూసుకుంటుంది. మెత్తటి మేకప్ బ్రష్‌ని నూలు గుడ్డ మీద నెమ్మదిగా లాగుతూ 4 సెకన్లు మైక్ వైపు తేవడం, మొదటి రెండుసార్లు 5 సెకన్లు, ఆ పైన 6 సెకన్లు దూరంగా తీసుకుపోవడం. దగ్గరికొచ్చే కొద్దీ చప్పుడు పెరుగుతుంది, దూరం పోయే కొద్దీ తగ్గుతుంది, దానికి తగ్గట్టు ఊపిరి దానంతటదే పోతుంది. మొదటి రెండు బ్రష్ ఊపిరులకి "లోపలికి..." "బయటికి..." అన్న మాటలు బ్రష్ మొదలయ్యే ముందు క్షణంలో వస్తాయి, ఆ పైన అవి కూడా ఉండవు.

ముందు క్షణంలో అని ఎందుకంటున్నానంటే, మాటా బ్రష్షూ ఒకేసారి వస్తే రెండూ పోతాయి. ఇదే ఈ ప్రాజెక్ట్‌లో నాకు అన్నిటికన్నా ఇంట్రెస్టింగ్‌గా అనిపించిన సంగతి. మామూలు గొంతు కింద వాన చప్పుడు పెడితే గొంతు వినపడుతూనే ఉంటుంది, ఎందుకంటే గొంతుకి ఒక స్వరం ఉంది, చెవి దాన్ని పట్టుకుంటుంది. గుసగుసకి స్వరం లేదు, అది కూడా వట్టి గాలి రాపిడే. బ్రష్ రాపిడీ అదే, వాన చప్పుడూ అదే. పైగా మాట అర్థమయ్యే భాగం 1000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్యలో ఉంటే బ్రష్ కూడా 2000 దాటాకే గట్టిగా ఉంటుంది. ఒకేలాంటి రెండు చప్పుళ్ళు ఒకే చోట కలిస్తే చెవి విడదీయలేదు, మాట మసకబారుతుంది.

వాన చప్పుడులో 1000 హెర్ట్జ్ పైన ఉన్నదంతా కోసేసి మాట కింద పరిచి చూశా. హెడ్‌ఫోన్‌లో బానే ఉంది, ఫోన్ స్పీకర్‌లో అసలు వినపడట్లేదు, చిన్న స్పీకర్లు ఆ కింది చప్పుళ్ళని సరిగా పలకవు. వాన తీసేశా. చెక్క మీద వేలి కొసతో తట్టడం మాత్రం మాట కింద కూడా పెట్టొచ్చు, అది పొట్టి చప్పుడు, తట్టిన వెంటనే అయిపోతుంది, బలమంతా 1000 లోపే ఉంటుంది, మాట మధ్యలో వచ్చినా మాటని కప్పదు. గోరుతో కాకుండా వేలి మెత్తతో తట్టాలి, గోరైతే టక్ మని ఉలిక్కిపడేలా వస్తుంది. ఏ తట్టూ కూడా మాట సగటు లెవెల్ కంటే మరీ పైకి లేవకుండా ఒక్కోదాన్నీ విడిగా తగ్గించుకున్నా.

గురువారం రాత్రి, రికార్డింగ్

ఫ్యాన్ ఆపి, ఫ్రిజ్ ఆపి (మళ్ళీ ఆన్ చెయ్యడం గుర్తుండాలని బైక్ తాళాలు ఫ్రిజ్ మీదే పెట్టా), మైక్ వెనక దుప్పటి వేలాడదీసి మొదలెట్టా. మైక్ నోటికి జానెడు కంటే కాస్త దగ్గరగా, సుమారు 15 సెంటీమీటర్లు, ఎదురుగా కాకుండా పెదవి మూలకి పక్కగా. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైల్. ఫోన్‌తో చేసేవాళ్ళు అయితే ముందు చూసుకోవాల్సింది ఆటోమేటిక్ గెయిన్, నాయిస్ సప్రెషన్ ఆఫ్ అయ్యాయా లేదా అన్నది. అవి ఆన్‌లో ఉంటే మాట ఆగిన ప్రతిచోటా గది చప్పుడు ఉబ్బుకుంటూ పైకొస్తుంది, లేదా గుసగుసనే నాయిస్ అనుకుని తినేస్తుంది.

మాటలు మొదలెట్టే ముందు ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా గది చప్పుడు రికార్డ్ చేసుకున్నా. ఇది తర్వాత చాలా అవసరం. నా గుసగుస సగటు మైనస్ 34 డెసిబెల్స్ దగ్గర ఉంది, గది మైనస్ 63. మధ్యలో 29 తేడా ఉంది కాబట్టి నాయిస్ రిడక్షన్ జోలికి పోనక్కర్లేదు. తేడా 20 లోపు పడితే మాత్రం వేరే టైమ్‌లోనో వేరే గదిలోనో మళ్ళీ రికార్డ్ చేసుకోవడమే మంచిది.

గుసగుసని గట్టిగా తోయకూడదు. దూరంగా ఉన్నవాళ్ళకి వినపడాలన్నట్టు గుసగుసలాడితే గొంతు బిగుసుకుంటుంది, పది నిమిషాల్లో ఎండిపోతుంది, ఆ బిగువు వినేవాళ్ళకి తెలిసిపోతుంది. పక్కనే పడుకున్న ఒక్క మనిషికి చెప్పినంతే చాలు, మిగతాది మైక్ చూసుకుంటుంది. నాలుగైదు లైన్లకొకసారి గుక్కెడు నీళ్ళు తాగితే నోట్లో జిగురు చప్పుళ్ళు కూడా తగ్గుతాయి.

చదివిన స్క్రిప్ట్‌లో కొంత భాగం ఇక్కడ పెడుతున్నా, బ్రాకెట్లలో ఉన్నవి నాకోసం రాసుకున్నవి.

(5 సెకన్లు గది చప్పుడు)
వచ్చారా...
(4)
హాయిగా ఒరిగిపోండి... ఇంక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.
(6, వేలి తట్టు నెమ్మదిగా మూడు)
కళ్ళు మూతపడుతుంటే... పడనివ్వండి.
(5)
ఊపిరి ఎలా నడుస్తోందో... ఒక్కసారి చూద్దాం.
(ఊపిరి భాగం, బ్రష్)
నుదురు... వదులుగా ఉంది.
(5)
కళ్ళ చుట్టూరా... తేలిగ్గా ఉంది.
(6)
దవడ కిందకి జారింది... నాలుక అలా వాలిపోయింది.
(7)
రెండు → భుజాలూ... మెల్లగా దిగుతున్నాయి.
(8, బ్రష్ ఒకసారి)
చేతులు బరువుగా... వేళ్ళు వెచ్చగా...
(9)
నడుము... మోకాళ్ళు... పాదాలు...
(10)
ఒళ్ళంతా ఇక్కడే ఉంది... అలికిడి లేకుండా.
(12, బ్రష్)
వింటున్నా సరే... వినకపోయినా సరే...

ఖాళీలు 4 తో మొదలై 12 దాకా పోవడం చూడండి. ఇవి పెరగడం వినేవాళ్ళు గమనించకూడదు, అందుకే ఒకేసారి 5 నుంచి 10 కి దూకలేదు. తల నుంచి పాదాలకి దిగడం కూడా ఆలోచించే పెట్టా, నుదురు, దవడల్లో బిగువు ఉందని మనిషికి అప్పటిదాకా తెలియదు, అక్కడ మొదలెడితే తేడా వెంటనే తెలుస్తుంది, నమ్మకం కుదురుతుంది, పాదాల దాకా వచ్చేసరికి వివరంగా చెప్పాల్సిన పని ఉండదు, పేరు అంటే చాలు.

శుక్రవారం, ఎడిటింగ్

మొదట 150 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేశా. మామూలు గొంతుకైతే ఇలా కోస్తే మాట పలచబడుతుంది, గుసగుసకి ఆ కింద ఏమీ లేదు కాబట్టి నష్టమే లేదు, దూరంగా పోయే బండ్ల మోత, స్టాండ్ కదిలిన చప్పుడు అన్నీ దాంతోనే పోయాయి. స, శ మిగిలిన చోట్ల 5000 నుంచి 8000 హెర్ట్జ్ మధ్య, ఆ అక్షరాల మోతనే తగ్గించే డీఎస్సర్ అనే టూల్‌తో మూడు డెసిబెల్స్ తగ్గించా, అంతకంటే ఎక్కువ తగ్గిస్తే స కాస్తా త్స లాగా నాలుక తడబడినట్టు వస్తోంది.

అవసరం లేకపోయినా ఏమవుతుందో చూద్దామని ఒక కాపీ మీద ఆడాసిటీలో `Noise Reduction` 12 డెసిబెల్స్ పెట్టి విన్నా. గుసగుస మొత్తం నీళ్ళలో మునిగి మాట్లాడినట్టు అయిపోయింది. నాయిస్ ఎలా ఉంటుందో నేర్చుకుని అలాంటిదాన్ని తగ్గించడం ఆ టూల్ పని, గుసగుస కూడా చూడ్డానికి నాయిస్‌లాగే ఉంటుంది, ఇంక ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో దానికెలా తెలుస్తుంది. మాట ఆగినచోట సౌండ్ పూర్తిగా మూసేసే నాయిస్ గేట్ కూడా వద్దు. మాట ఉన్నప్పుడు గది చప్పుడు ఉండి, ఆగగానే అది కూడా మాయమైతే, ఆ పోవడం రావడం చెవికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అందుకే ఖాళీలన్నిటిలో నిన్న విడిగా తీసుకున్న గది చప్పుడునే పరిచా, మొదటి క్షణం నుంచి చివరిదాకా అది ఒకే లెవెల్‌లో ఉంటుంది.

ఎడమ చెవి నుంచి కుడి చెవికి గుసగుస తిప్పడం ఈ వీడియోలో చెయ్యలేదు. పక్కకి తిరిగి పడుకుని ఒక్క ఇయర్‌బడ్ పెట్టుకునేవాళ్ళు ఎక్కువ, ఇంకొందరు ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుంటారు. మాట పూర్తిగా ఒక పక్కకి పోతే వాళ్ళకి సగం స్క్రిప్టే వినపడుతుంది. మాట మధ్యలోనే ఉంచి, బ్రష్‌ని మాత్రం కాస్త కాస్త అటూ ఇటూ కదిపా, మోనోలో విన్నా ఊపిరి లెక్క తప్పదు.

శనివారం, లెవెల్ చూసుకుని ఎక్స్‌పోర్ట్

సౌండ్ ఎంత గట్టిగా ఉందో కొలవడానికి ffmpeg టూల్‌లో ఈ ఒక్క కమాండ్ చాలు:

```
ffmpeg -i gusagusa.wav -af ebur128=peak=true -f null -
```

చివర్లో వచ్చే లెక్కల్లో `I:` పక్కన ఉన్నది మొత్తం వీడియో సగటు. చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో కొలిచే ఎల్‌యూఎఫ్ఎస్ లెక్కలో నాది మైనస్ 25 దగ్గర పెట్టా, `Peak:` మైనస్ 8 దాటలేదు. యూట్యూబ్ మైనస్ 14 కంటే గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది గానీ మెల్లగా ఉన్నవాటిని మామూలుగా పెంచదు, కాబట్టి మనం ఎంత పెడితే దాదాపు అంతే వినపడుతుంది. మైనస్ 14 దాకా లాగడం ఈ వీడియోకి పనికిరాదు, గది చప్పుడు కూడా దాంతోపాటు పైకొచ్చేస్తుంది. మరీ మైనస్ 35 లో వదిలేస్తే వినేవాళ్ళు వాల్యూమ్ ఫుల్ పెడతారు, ఆ తర్వాత ఏ నోటిఫికేషన్ మోగినా అదిరిపడతారు. మధ్యలో ఎక్కడో ఆగాలి, ఫోన్‌లో వాల్యూమ్ సగం పెడితే పక్క దిండు మీద నుంచి వినపడేంత.

చివరి 50 సెకన్లలో మాట లేదు. బ్రష్ దూరమవుతూ తగ్గిపోతుంది, గది చప్పుడు మాత్రం 40 సెకన్ల పాటు నెమ్మదిగా దిగుతూ పోతుంది. చప్పుడు సడెన్‌గా ఆగినా మనిషి లేస్తాడు, అందుకే ఈ తోక. బొమ్మ కూడా అంతే, రెండో నిమిషం నుంచి మసకబారుతూ నాలుగో నిమిషానికి పూర్తి నలుపు, చివర్లో సబ్‌స్క్రైబ్ కార్డులు, తెల్లటి ఎండ్ స్క్రీన్ ఏదీ లేదు.

అక్కకి ఫైనల్ పంపా. పొద్దున ఫోన్ చేసి, "పాదాల దాకా విన్నట్టు గుర్తు లేదురా, దవడ జారింది అన్నావు చూడు, అక్కడి దాకా తెలుసు" అంది. ఒక కంప్లైంట్ కూడా చెప్పింది, మొదట్లో వేలి తట్టు మూడుసార్లు వచ్చేసరికి ఎవరో తలుపు కొట్టారేమో అనిపించిందట. నిజమే, మూడు తట్లు ఒకే గ్యాప్‌తో వస్తే ఎవరికైనా అదే తడుతుంది. రేపు ఆ చోట తట్లు రెండుకి తగ్గించి, మధ్య గ్యాప్ ఒకటిన్నర సెకను నుంచి మూడు సెకన్లకి పెంచి, లెవెల్ ఇంకో నాలుగు డెసిబెల్స్ దించి మళ్ళీ వినిపిస్తా, అప్పటికీ తలుపు చప్పుడులానే ఉంటే తట్టు మొత్తం తీసేసి అక్కడ కూడా గుడ్డ మీద బ్రష్షే పెడతా.